జిల్లా మొత్తం చేన్ల విస్తీర్ణం కొలవాలంటే ఏ ప్రొజెక్షన్ ఎంచుకోవాలి?

నర్సంపేట దగ్గర ఒక ఊళ్లో పత్తి చేన్ల హద్దులు ఫోన్ జీపీఎస్‌తో తీసుకుని, కంప్యూటర్‌లో లెక్కేసి, జాబితా చదివి వినిపిస్తున్నాను. ఒక పెద్దాయన మధ్యలో ఆపారు. "బిడ్డా, నా చెలక అయిదెకరాలు. మా నాయిన కాలం నుంచి అయిదెకరాలే. నువ్వేమో అయిదెకరాల ఇరవై రెండు గుంటలంటున్నవ్. గెట్టు ఏమన్నా పక్కకు జరిగిందా?"

గెట్టు జరగలేదు. జాబితాలో ఆయన ఒక్కరిదే కాదు, అందరి భూమీ దాదాపు పదకొండు శాతం పెరిగింది. రెండెకరాల చేను రెండెకరాల తొమ్మిది గుంటలయింది. పదెకరాలది పదకొండు దాటింది. ఒకరిద్దరిది పెరిగితే హద్దు తప్పు గీశామనుకోవచ్చు. అందరిదీ ఒకే నిష్పత్తిలో పెరిగిందంటే తప్పు చేనులో లేదు, లెక్కేసిన కోఆర్డినేట్ సిస్టమ్‌లో ఉంది. నేను వెనకాల ఉపగ్రహ చిత్రం పెట్టుకుని పని చేశాను. ఆ చిత్రం వెబ్ మెర్కేటర్ అనే ప్రొజెక్షన్‌లో ఉంటుంది. హద్దుల లేయర్‌ను కూడా అందులోనే సేవ్ చేసి, అక్కడే విస్తీర్ణం తీశాను.

మీరు ఒక ఊరికో, ఒక మండలానికో, జిల్లా మొత్తానికో చేన్ల విస్తీర్ణం తీయబోతుంటే ఈ తప్పు రాకుండా ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదును పటం మీదకు దింపే పద్ధతి, ఎలా ఎంచుకోవాలో వరంగల్ జిల్లాను ఉదాహరణగా పెట్టి చెబుతాను. చివర్లో నిర్మల్ జిల్లా సంగతీ వస్తుంది. అక్కడ వేరే చిక్కు ఉంది. సాఫ్ట్‌వేర్ విషయానికి వస్తే ఉచితంగా దొరికే క్యూజీఐఎస్‌నే వాడతాను.

మొదట: మీ లేయర్ ఇప్పుడు దేంట్లో ఉందో చూడండి

లేయర్ పేరు మీద కుడి క్లిక్ చేసి `Properties`లో `Information` తెరవండి. ఫోన్ జీపీఎస్ నుంచి వచ్చిన హద్దులైతే మామూలుగా `EPSG:4326` అని ఉంటుంది. అంటే అంకెలు అక్షాంశ రేఖాంశాల్లో, డిగ్రీల్లో ఉన్నాయని అర్థం. డిగ్రీల్లో ఉన్న లేయర్ మీద నేరుగా `area($geometry)` అని లెక్కేస్తే అయిదెకరాల చేనుకు 0.0000017 లాంటి అంకె వస్తుంది. అది చదరపు డిగ్రీల లెక్క, మనకు పనికిరాదు. ఇలాంటి అంకె కనబడితే ఎవరూ మోసపోరు. `EPSG:3857` అని ఉంటే మాత్రం జాగ్రత్త పడాలి. అదే వెబ్ మెర్కేటర్. దాంట్లో అంకెలు మీటర్లలో ఉంటాయి, జవాబు చదరపు మీటర్లలో వస్తుంది, చూడటానికి అంతా సక్రమంగా ఉంటుంది. అందుకే అది డిగ్రీల కన్నా ప్రమాదం.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఇంకోటి ఉంది. లేయర్ మీద కుడి క్లిక్ చేస్తే `Set Layer CRS` అని వస్తుంది. అది అంకెలను మార్చదు, పైన అంటించిన చీటీని మాత్రమే మారుస్తుంది. బియ్యం బస్తా మీద కందిపప్పు అని రాసినట్టు. డిగ్రీల్లో ఉన్న లేయర్‌కు ఆ చీటీ మార్చితే మీ చేన్లన్నీ ఎక్కడో ఒక చుక్కంత చోటులో కుప్పపడతాయి. అంకెలు నిజంగా మారాలంటే `Processing Toolbox`లో ఉండే `Reproject layer` వాడాలి. అది కొత్త లేయర్ తయారుచేస్తుంది, పాతది అలాగే ఉంటుంది.

తర్వాత: విస్తీర్ణం ముందే తెలిసిన ఒక పరీక్ష చేను తయారు చేసుకోండి

ఏ ప్రొజెక్షన్ మంచిదో పుస్తకంలో చదివి నమ్మడం కన్నా, మన జిల్లాలోనే ఒక తెలిసిన ముక్కను పెట్టి తూచి చూడటం మేలు. తూకం రాయి లాంటిది అది. నేను వాడే ముక్క ఇది. నర్సంపేటకు ఉత్తరాన, 18.000 నుంచి 18.002 డిగ్రీల అక్షాంశం, 79.900 నుంచి 79.902 డిగ్రీల రేఖాంశం మధ్య ఉండే ఒక దీర్ఘచతురస్రం. నిజంగా అక్కడ ఎవరి చేను ఉందన్నది మనకు అనవసరం, లెక్క కోసం గీసిన గీత మాత్రమే.

దీని అసలు విస్తీర్ణం చేత్తో లెక్కేయవచ్చు. భూమి ఆకారానికి నమూనాగా జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 దీర్ఘగోళం మీద, మన అక్షాంశంలో 0.002 డిగ్రీలంటే ఉత్తర దక్షిణాలుగా 221.36 మీటర్లు. తూర్పు పడమరలుగా 211.81 మీటర్లు. రేఖాంశ గీతలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి అడ్డం కొంచెం తక్కువ. రెండూ గుణిస్తే 46,886 చదరపు మీటర్లు. గుంటకు 121 గజాలు, అంటే 101.17 చదరపు మీటర్లు. ఆ లెక్కన ఇది 11 ఎకరాల 23 గుంటలు, పైన ఇంకో అర గుంటకు తక్కువ.

ఇప్పుడు ఏదైనా లేయర్ మీద ఫీల్డ్ కాలిక్యులేటర్ తెరిచి, ఈ కింది వాక్యం అతికించండి. `OK` నొక్కాల్సిన పని లేదు. కింద ప్రివ్యూలోనే జవాబు కనిపిస్తుంది.

```
area(transform(geom_from_wkt(
 'POLYGON((79.900 18.000, 79.902 18.000,
  79.902 18.002, 79.900 18.002, 79.900 18.000))'),
 'EPSG:4326', 'EPSG:32644'))
```

చివర్లో ఉన్న `EPSG:32644` స్థానంలో ఒక్కో కోడ్ మార్చి చూస్తూ పోతే ఒక్కో ప్రొజెక్షన్ నిజస్వరూపం బయటపడుతుంది. ఇందులో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత రాశామని గమనించండి. తిప్పి రాస్తే మీ చేను దాదాపు 80 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర తేలుతుంది. ఎక్సెల్ ఫైలు నుంచి పాయింట్లు తెచ్చేటప్పుడు ఇది చాలాసార్లు జరుగుతుంది. ఎక్కడా కనబడని లేయర్ ఉంటే మొదట ఇదే చూడండి.

ఇప్పుడు తూచి చూద్దాం

`EPSG:3857` పెట్టండి. జవాబు సుమారు 52,119 చదరపు మీటర్లు. అంటే 12 ఎకరాల 35 గుంటలు. అసలుకన్నా ఎకరం 12 గుంటలు ఎక్కువ! భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ ఈ ప్రొజెక్షన్ అన్నిటినీ సాగదీస్తుంది. మన దగ్గర ఆ సాగు విస్తీర్ణంలో 11 శాతం. ఆదిలాబాద్ దాకా పోతే 13 శాతం. పెద్దాయన చెలకకు వచ్చిన ఇరవై రెండు గుంటలు ఇవే. ఇంటర్నెట్ మ్యాపులు తెర మీద జరపడానికి, జూమ్ చేయడానికి ఇది పనికొస్తుంది. కొలవడానికి ఎప్పుడూ వాడకండి.

రెండోది `EPSG:7755`. దేశం మొత్తానికి ఒకే పటం గీయడానికి చేసిన లాంబర్ట్ ప్రొజెక్షన్ ఇది. పేరులో ఇండియా అని ఉంటుంది కాబట్టి మన దేశానికి ఇదే సరైనదని చాలామంది తీసుకుంటారు. పరీక్ష చేనుకు 45,500 నుంచి 45,600 చదరపు మీటర్ల మధ్య వస్తుంది. దాదాపు 3 శాతం తక్కువ. 11 ఎకరాల 23 గుంటల చేను 11 ఎకరాల 10 గుంటలయిపోయింది. ఎందుకంటే ఈ ప్రొజెక్షన్ సుమారు 12.5 డిగ్రీల దగ్గర, 35 డిగ్రీల దగ్గర మాత్రమే దూరాలను సరిగ్గా చూపిస్తుంది. మనం ఆ రెంటి నడుమ ఉన్నాం. నడుమ ఉన్నదంతా కుంచించుకుపోతుంది. ఆకారాలు, కోణాలు దాంట్లో సరిగ్గా ఉంటాయి, విస్తీర్ణం ఉండదు. ఒక ప్రొజెక్షన్ దేన్ని కాపాడటానికి తయారైందో అడగకుండా పేరు చూసి తీసుకుంటే ఇలాగే అవుతుంది.

మూడోది `EPSG:32644`. ఇదే యూటీఎం 44వ జోన్. మన వైపు జీఐఎస్ పని చేసేవాళ్లలో ఎక్కువమంది వాడేది. జవాబు 46,864 చదరపు మీటర్లు. అసలుకు 22 చదరపు మీటర్లు తక్కువ. 26 గజాలు. గుంటలో అయిదో వంతు. ఇది చాలా మంచి ఫలితం. ఒక రైతు చేను కొలిచి చెప్పడానికి ఇంతకన్నా అక్కరలేదు.

యూటీఎం ఎందుకు తక్కువ చూపించింది?

ఇది అర్థమైతే జిల్లాకు ఏది ఎంచుకోవాలో దానంతట అదే తేలుతుంది. అందుకే కొంచెం నెమ్మదిగా చెబుతాను.

యూటీఎం భూమిని ఆరేసి డిగ్రీల రేఖాంశ పట్టీలుగా కోస్తుంది. 44వ జోన్ 78 డిగ్రీల దగ్గర మొదలై 84 దగ్గర ముగుస్తుంది. దాని నడుమ గీత 81 డిగ్రీలు. మనకు గుర్తుండేలా చెప్పాలంటే భద్రాచలానికి కొంచెం తూర్పున. ఆ నడుమ గీత మీద స్కేలును కావాలనే 0.9996గా పెట్టారు. అంటే 100 మీటర్ల గెట్టు 99 మీటర్ల 96 సెంటీమీటర్లుగా కనిపిస్తుంది. అక్కడి నుంచి అటూ ఇటూ దూరం పోయేకొద్దీ స్కేలు పెరుగుతూ వస్తుంది. సుమారు 180 కిలోమీటర్ల దగ్గర సరిగ్గా 1 అవుతుంది. ఇంకా దూరం పోతే 1 దాటి, ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. నడుమ గీత దగ్గర కాస్త తగ్గించి, అంచుల దగ్గర కాస్త పెంచి, మొత్తం పట్టీలో తప్పును పంచారన్నమాట.

మన అక్షాంశంలో ఆ 180 కిలోమీటర్లు దాదాపు 79.3 డిగ్రీల రేఖాంశం దగ్గర పడతాయి. జనగామకూ కాజీపేటకూ మధ్యలో. ఆ గీత మీద యూటీఎం కొలత సరిగ్గా ఉంటుంది. దానికి తూర్పున ఉన్న వరంగల్, నర్సంపేట, ములుగు వైపు చేన్లు కాస్త తక్కువగా వస్తాయి. పడమరన జనగామ దాటినవి కాస్త ఎక్కువగా వస్తాయి. వర్ధన్నపేట దగ్గర ఎకరాకు ఒక చదరపు మీటరు తగ్గితే, నర్సంపేట దగ్గర ఎకరాకు దాదాపు రెండు చదరపు మీటర్లు తగ్గుతుంది. రెండూ ఒకే జిల్లాలో ఉన్నాయి.

రెండు చదరపు మీటర్లంటే ఒక మంచం పట్టే చోటు. దీనికి టెన్షన్ ఎందుకని మీరడగొచ్చు. ఫోన్ జీపీఎస్ తప్పు దీనికన్నా ఎంతో పెద్దది, నిజమే. మన పరీక్ష చేనుకు 221 మీటర్ల పక్క గెట్టును అయిదు మీటర్లు బయటకు గీశారనుకోండి. 1,100 చదరపు మీటర్లు, అంటే దాదాపు 11 గుంటలు తేడా వస్తుంది. దాని ముందు గుంటలో అయిదో వంతు ఏపాటిది?

కానీ జీపీఎస్ తప్పు ఒక చేనుకు ఎక్కువ, ఇంకో చేనుకు తక్కువ వస్తుంది. వేల చేన్లు కూడితే అటూ ఇటూ పోయి చాలావరకు చెల్లుబాటవుతుంది. ప్రొజెక్షన్ తప్పు అలా చెల్లదు. ఒక ప్రాంతంలో అందరికీ ఒకే వైపు తగ్గుతుంది. నర్సంపేట వైపు లక్ష ఎకరాల పత్తి ఉందనుకుంటే యూటీఎంలో దాదాపు 46 ఎకరాలు లెక్కలోంచి మాయమవుతాయి. ఒక్క చేనుకు అక్కరలేని జాగ్రత్త జిల్లా మొత్తానికి ఎందుకు కావాలంటే ఇందుకే.

జిల్లా కోసం: మీ సొంత సమవైశాల్య ప్రొజెక్షన్ చేసుకోండి

విస్తీర్ణాన్ని మాత్రం తప్పకుండా కాపాడే ప్రొజెక్షన్లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒక్క జిల్లాకు నాకు నచ్చింది లాంబర్ట్ అజిమూతల్ ఈక్వల్ ఏరియా. పేరు పొడుగు, పని సులువు. దీనికి ఒక నడుమ బిందువు చెబితే చాలు. వరంగల్ జిల్లాకు నేను 17.9 డిగ్రీల అక్షాంశం, 79.75 డిగ్రీల రేఖాంశం తీసుకుంటాను. `Settings` మెనూలో `Custom Projections…` తెరిచి, కొత్తది చేర్చి, `Warangal_LAEA` లాంటి పేరు పెట్టి, ఫార్మాట్‌లో ప్రోజ్ స్ట్రింగ్‌ను ఎంచుకుని, ఇది రాయండి.

```
+proj=laea +lat_0=17.9 +lon_0=79.75 +x_0=200000 +y_0=200000 +datum=WGS84 +units=m +no_defs
```

నడుమ బిందువు ఖచ్చితంగా ఎక్కడ పెట్టాలన్నది పెద్ద సమస్యగా చూడకండి. ఇది ఎక్కడ పెట్టినా విస్తీర్ణం మారదు. నడుమ నుంచి దూరమయ్యేకొద్దీ మారేది ఆకారం. జిల్లా మధ్యలో పెడితే 60 కిలోమీటర్ల దూరంలో కూడా ఆ మార్పు కిలోమీటరుకు ఒక సెంటీమీటరు మాత్రమే. కాబట్టి గెట్ల పొడవులు కూడా ఇందులోనే ధైర్యంగా కొలవచ్చు. `x_0`, `y_0` దగ్గర 200000 పెట్టింది జిల్లాలో ఎక్కడా అంకెలు మైనస్‌లోకి పోకుండా. 500000 పెట్టకండి. అది యూటీఎం వాడే అంకె. రేపు ఎవరైనా మీ ఫైలు తెరిచి యూటీఎం అనుకునే ప్రమాదం ఉంది.

సేవ్ చేశాక ఈ కొత్త సిస్టమ్‌కు `USER:100000` లాంటి కోడ్ వస్తుంది. పైన రాసిన పరీక్ష వాక్యంలో చివరి కోడ్ తీసేసి ఇది పెట్టండి. 46,886 రావాలి. రాకపోతే ముందుకు పోకండి. `+proj=laea` దగ్గర వేరే ప్రొజెక్షన్ పేరు పడిందేమో, `+units=m` బదులు వేరే యూనిట్ రాశారేమో చూడండి.

ఆ తర్వాత లెక్క

`Reproject layer`తో హద్దుల లేయర్‌ను ఈ కొత్త సిస్టమ్‌లోకి మార్చి, జియోప్యాకేజీగా సేవ్ చేయండి. ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో `area_m2` అనే దశాంశ ఫీల్డ్ చేసి `area($geometry)` ఇవ్వండి. చదరపు మీటర్లు వస్తాయి.

రైతుకు చదరపు మీటర్లు చెబితే అర్థం కాదు, ఎకరాలు గుంటలు చెప్పాలి. ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. ఎకరాలు విడిగా, గుంటలు విడిగా రౌండ్ చేస్తే అక్కడక్కడ "4 ఎకరాల 40 గుంటలు" అని వస్తుంది. ఊళ్లో ఎవరైనా చూస్తే మొత్తం జాబితా మీదే నమ్మకం పోతుంది. ముందు మొత్తాన్ని గుంటల్లోకి రౌండ్ చేసి, తర్వాత 40తో విడగొట్టాలి.

```
concat(floor(round("area_m2"/101.1714)/40), ' ఎ ',
       round("area_m2"/101.1714) % 40, ' గుం')
```

మండలం మొత్తం, జిల్లా మొత్తం కూడేటప్పుడు మాత్రం ఈ గుంటల ఫీల్డ్ కూడకండి. `area_m2` కూడి, వచ్చిన మొత్తాన్ని చివర్లో ఒక్కసారి ఎకరాల్లోకి మార్చండి.

నేను ఇలా మళ్లీ లెక్కేసినప్పుడు ఆ పెద్దాయన చెలక 4 ఎకరాల 39 గుంటలు వచ్చింది. కాగితంలో 5 ఎకరాలే. ఆ గుంట గురించి అడిగితే, "పడమటి గెట్టు మీద ఈతచెట్లున్నయి, నువ్వు లోపటి నుంచి నడిచినవ్" అన్నారు. అప్పుడు దొరికింది అసలైన కొలత తప్పు. ప్రొజెక్షన్ తప్పు కింద అది కనబడకుండా ఉండిపోయింది.

ఇంకో దారితో సరిచూసుకోవడం

క్యూజీఐఎస్‌లో విస్తీర్ణానికి రెండు పద్ధతులున్నాయి, పేర్లు దగ్గరగా ఉంటాయి. `area($geometry)` లేయర్ ఏ సిస్టమ్‌లో ఉందో దాంట్లో చదును కాగితం మీద కొలిచినట్టు కొలుస్తుంది. `$area` మాత్రం ప్రాజెక్ట్ సెట్టింగ్‌లో పెట్టిన దీర్ఘగోళం మీద కొలుస్తుంది. కాబట్టి లేయర్ దేంట్లో ఉన్నా దాదాపు ఒకే జవాబు ఇస్తుంది. దాన్ని పెద్దమనిషి తీర్పులా వాడుకోండి. `Project` మెనూలో `Properties`, అందులో `General` తెరిచి, దీర్ఘగోళం దగ్గర WGS 84 ఉందా, విస్తీర్ణం యూనిట్ చదరపు మీటర్లేనా చూసుకోండి. అక్కడ `None / Planimetric` అని ఉంటే `$area` కూడా కాగితం కొలతే ఇస్తుంది, తీర్పు చెప్పలేదు.

ఇప్పుడు రెండో ఫీల్డ్‌లో `$area` తీసి, `area_m2`ను దానితో భాగించండి. అన్ని చేన్లకూ 1.0000 రావాలి. రాకపోతే ఆ నిష్పత్తే రోగం పేరు చెబుతుంది. అందరికీ 1.11 చుట్టుపక్కల వస్తే ఎక్కడో వెబ్ మెర్కేటర్ దూరింది. 0.97 వస్తే దేశవ్యాప్త లాంబర్ట్. 0.9995 లాంటిది వచ్చి, తూర్పుకు పోయేకొద్దీ మెల్లగా తగ్గుతుంటే యూటీఎం. 10.76 గానీ 0.093 గానీ వస్తే ఒకటి చదరపు అడుగుల్లో, ఒకటి చదరపు మీటర్లలో ఉంది. అందరికీ 1 వచ్చి ఒక చేనుకు మాత్రం పిచ్చి అంకె వస్తే ప్రొజెక్షన్‌ను అనకండి, ఆ చేను గీత తనను తాను దాటుకుందేమో `Check validity`తో చూడండి.

మరి `$area` సరిగ్గానే ఇస్తుంటే సొంత ప్రొజెక్షన్ ఎందుకు? మీ ఫైలు క్యూజీఐఎస్‌లోనే ఉండిపోతే అక్కర్లేదు. జిల్లా పనిలో అలా ఉండదు. ఒకరు వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరుస్తారు, ఒకరు ఉపగ్రహ చిత్రంలో పిక్సెళ్లు లెక్కపెడతారు. పది మీటర్ల పిక్సెల్ అంటే వంద చదరపు మీటర్లని గుణిస్తారు. ఆ వంద నిజంగా వంద కావాలంటే చిత్రం కూడా సమవైశాల్య సిస్టమ్‌లో ఉండాలి.

నిర్మల్ జిల్లాకు వచ్చేసరికి

వరంగల్ జిల్లా మొత్తం ఒకే యూటీఎం జోన్‌లో పడుతుంది కాబట్టి మనకు కొంత వెసులుబాటు ఉంది. నిర్మల్ జిల్లాకు ఆ వీలు లేదు. 78 డిగ్రీల రేఖాంశం ఆ జిల్లాను కోసుకుంటూ పోతుంది. బాసర, ముధోల్, భైంసా దానికి పడమరన, 43వ జోన్‌లో. నిర్మల్, ఖానాపూర్ తూర్పున, 44వ జోన్‌లో. నిజామాబాద్ జిల్లాలో బోధన్, కామారెడ్డి జిల్లాలో బాన్సువాడ కూడా ఇలాగే గీతకు పడమరన పడతాయి.

అప్పుడు చాలామంది జిల్లాను రెండుగా కోసి, పడమటి భాగాన్ని `EPSG:32643`లో, తూర్పు భాగాన్ని `EPSG:32644`లో లెక్కేసి కూడతారు. శ్రమ తప్ప లాభం లేదు. భైంసా రెండు జోన్ల నడుమ గీతలకూ దాదాపు సమాన దూరంలో, అంటే రెంటికీ అంచున ఉంది. 43లో కొలిచినా 44లో కొలిచినా విస్తీర్ణం 0.16, 0.17 శాతం ఎక్కువే వస్తుంది. ఎకరాకు దాదాపు ఏడు చదరపు మీటర్లు. నిర్మల్ పట్టణం దగ్గర 44లో 0.11 శాతం ఎక్కువ, ఖానాపూర్ దగ్గర 0.07. జోన్ మార్చడం వల్ల ఏమీ సరికాదు, పైగా గీత మీద పడే చేను ఎటు వైపుదో తేల్చుకోవాలి.

ఇంకో సంగతి గమనించండి. అదే `EPSG:32644` నర్సంపేటను తక్కువ చూపిస్తే నిర్మల్‌ను ఎక్కువ చూపిస్తోంది. రెండు చోట్లా సరిగ్గా లక్షేసి ఎకరాల పత్తి ఉందనుకుంటే, ఒకచోట 46 ఎకరాలు తగ్గి, ఇంకోచోట నూటపది ఎకరాలు పెరిగి, ఏ గింజా అదనంగా వేయకుండానే రెంటి మధ్య నూట యాభై ఎకరాల పైచిలుకు తేడా పుడుతుంది. జిల్లాలను పక్కపక్కన పెట్టి పోల్చే పట్టికల్లో ఇది నిజమైన తేడాలా కనిపిస్తుంది.

నిర్మల్‌కు చేయాల్సింది పైన చేసిందే. అదే స్ట్రింగ్‌లో `+lat_0=19.1 +lon_0=78.3` పెడితే చాలు. జిల్లా ముక్కలు కాదు, గీత ఎటు పోయినా పట్టదు. రెండు మూడు జిల్లాలు కలిపి చేస్తుంటే జిల్లాకొకటి కాకుండా అన్నిటి నడుమ ఒకే బిందువు పెట్టి ఒకే సిస్టమ్ వాడండి. విస్తీర్ణం ఎలాగూ మారదు, ఫైళ్లు కలపడం సులువు.

దీని హద్దులు

ఈ లెక్క దీర్ఘగోళం ఉపరితలం మీద జరుగుతుంది. మన చేన్లు దానికి కొన్ని వందల మీటర్ల పైన ఉన్నాయి. పైకి పోయేకొద్దీ భూమి చుట్టుకొలత పెరుగుతుంది కాబట్టి నేల మీద అసలు విస్తీర్ణం ఒక్క పిసరు ఎక్కువ. వరంగల్ ఎత్తుకు అది ఎకరాకు పావు చదరపు మీటరు చుట్టూ ఉంటుంది. దాన్ని వదిలేయండి.

మంచి ప్రొజెక్షన్ తీసుకున్నంత మాత్రాన గీసిన హద్దు కచ్చితం కాదు. మీ జాబితా అంకె పాస్‌బుక్ అంకెతో కలవకపోతే ఏది సరైనదో ప్రొజెక్షన్ చెప్పలేదు. పాస్‌బుక్‌లోది రికార్డు, మీది సాగు చేస్తున్న నేల కొలత. గెట్టు పంచాయితీలో ఈ అంకెను సాక్ష్యంగా చూపించకండి. దానికి సర్వేయర్ వచ్చి హద్దు రాళ్ల నుంచి కొలవాల్సిందే.

చివరగా ఫైలు ఎవరికైనా ఇచ్చేటప్పుడు. మీ కంప్యూటర్‌లో `USER:100000` అన్న కోడ్ వాళ్ల కంప్యూటర్‌లో ఇంకేదో కావచ్చు, లేకనూ పోవచ్చు. అందుకని పూర్తి `+proj=laea …` స్ట్రింగ్‌ను ఒక టెక్స్ట్ ఫైలులో రాసి జతచేయండి. విస్తీర్ణం లెక్కేసిన `area_m2` ఫీల్డ్‌ను అలాగే ఉంచి, ఫోన్లలో, వెబ్‌లో తెరుచుకోవడానికి `EPSG:4326`లో ఇంకో కాపీ ఇవ్వండి. రీప్రొజెక్ట్ చేసినా ఫీల్డ్‌లో రాసిన అంకె మారదు. ఆ ఫీల్డ్‌ను మళ్లీ లెక్కేయొద్దని ఫైలు పక్కన ఒక్క వాక్యం రాసి పెట్టండి, తెలుగులోనే.